ఉక్రెయిన్‌లో యుద్ధం, మన ఈఎంఐకి మోత.. 2022లో ఆర్బీఐ మాట ఎందుకు తప్పింది? పాలమూరు మేస్త్రీ లెక్కతో చూస్తే క్లారిటీ!

2022 జూన్. దేశంలో ధరల పెరుగుదల 7.01 శాతం. అదే నెలలో తెలంగాణలో 10.05 శాతం. అంటే దేశంలో నంబర్ వన్ మనమే. అప్పటికి హైదరాబాద్‌లో లీటర్ పెట్రోల్ 109.66 రూపాయలు, అది కూడా కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించిన తర్వాత రేటు. జులైలో గ్యాస్ సిలిండర్ 1,105కి చేరింది. ఏప్రిల్ నుంచే కరెంటు చార్జీలు పెరిగాయి, ఆర్టీసీ బస్సుల్లో డీజిల్ సెస్ మొదలైంది. ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేయడంతో వంటనూనె ప్యాకెట్ ముట్టుకుంటే షాక్ కొట్టే పరిస్థితి.

సరిగ్గా ఇదే టైంలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు పెంచడం మొదలుపెట్టింది. మే 4న షెడ్యూల్‌లో లేని ప్రకటన చేసి 4 శాతం నుంచి 4.40కి తీసుకెళ్లింది. అక్కడి నుంచి ఆగలేదు. 2023 ఫిబ్రవరి నాటికి 6.50 శాతం. లోన్ ఉన్నవాళ్లకు దీని అర్థం ఏంటో లెక్క వేసి చూద్దాం. 20 ఏళ్లకు 25 లక్షల హోమ్ లోన్, వడ్డీ 6.9 శాతం అనుకుంటే ఈఎంఐ దాదాపు 19,230 రూపాయలు. రెపో రెండున్నర శాతం పెరిగి, బ్యాంకు అంతా మనమీదే వేస్తే వడ్డీ 9.4 అవుతుంది, ఈఎంఐ దాదాపు 23,140. నెలకు 3,900 ఎక్స్‌ట్రా.

అప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. యుద్ధం ఉక్రెయిన్‌లో, నూనె ఇండోనేసియాలో, పెట్రోల్ గల్ఫ్‌లో. మరి నల్గొండలో ఇల్లు కట్టుకున్నవాడి ఈఎంఐ పెంచితే ఇవన్నీ ఎలా తగ్గుతాయి?

తగ్గవు. ఈ మాట ఆర్బీఐకి కూడా తెలుసు. అయినా పెంచింది. ఎందుకు అన్నది అర్థం కావాలంటే పెట్రోల్ బంకు దగ్గర కాదు, పాలమూరు గుంపు మేస్త్రీ దగ్గర మొదలుపెట్టాలి.

మేస్త్రీ బేరంలో దాగున్న ఎకనామిక్స్

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి, ఇటు దేవరకొండ తండాల నుంచి వలస వెళ్లే కూలీల సంగతి కొత్తగా చెప్పేదేం కాదు. ముంబై, పుణె, హైదరాబాద్.. ఎక్కడ బిల్డింగ్ లేస్తే అక్కడ, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడ పాలమూరు కూలీ ఉంటాడు. మేస్త్రీ ముందే అడ్వాన్స్ ఇస్తాడు. కూలి రేటు పోయే ముందే మాట్లాడుకుంటారు. ఆ తర్వాత ఆరు నెలలో తొమ్మిది నెలలో అదే రేటు. మధ్యలో బియ్యం రేటు పెరిగింది, కూలి పెంచండి అంటే కాంట్రాక్టర్ వినడు.

ఇక్కడ అసలు పాయింట్ పట్టుకోండి. కూలి ఇవాళ ఫిక్స్ అవుతుంది. ధరలు రేపు పెరుగుతాయి. కాబట్టి బేరం కుదిరేది ధరలు ఎంత పెరిగాయన్న దానిమీద మాత్రమే కాదు, ఎంత పెరుగుతాయని అనుకుంటున్నారన్న దానిమీద కూడా. ఎకనామిక్స్ పుస్తకాల్లో 'ఎక్స్‌పెక్టేషన్స్' అని పెద్ద పేరు పెట్టింది దీనికే.

లెక్క కోసం ఊహించి కొన్ని అంకెలు వేసుకుందాం. నిరుడు రోజు కూలి 600. ఈసారి ధరలు 4 శాతం పెరుగుతాయని ఆర్బీఐ చెప్పింది, మేస్త్రీ నమ్మాడు, కాంట్రాక్టర్ నమ్మాడు. 624 దగ్గర బేరం కుదిరింది. గుంపు బండెక్కింది.

ఇప్పుడు ఆర్బీఐ గవర్నర్ కుర్చీలో మీరు కూర్చోండి. దేశమంతా కూలీలు, జీతాలు 4 శాతం నమ్మకంతో ఫిక్స్ అయిపోయాయి. ఇప్పుడు వడ్డీ కాస్త తక్కువగా ఉంచి, ధరల్ని 8 శాతం పెరగనిస్తే ఏమవుతుంది? కాంట్రాక్టర్ అమ్మే ఫ్లాట్ రేటు 8 శాతం పెరుగుతుంది, ఇచ్చే కూలి మాత్రం 4 శాతమే పెరిగింది. కూలి అతనికి చవకైపోయింది. పది మంది ఉన్నచోట పదకొండో మనిషిని పెట్టుకుంటాడు. ఉద్యోగాలు పెరిగాయి, జీడీపీ పెరిగింది, ఎలక్షన్ ఉంటే ప్రభుత్వానికీ హ్యాపీ. బిల్లు ఎవరు కట్టారు? కూలీ కట్టాడు. చేతికి 624 వచ్చినా పాత ధరల్లో దాని విలువ 578. నిరుటి కంటే 22 రూపాయలు తక్కువ.

ఇందులో గవర్నర్ చెడ్డవాడు కానక్కర్లేదు. అతను మంచివాడే, పదకొండో మనిషికి పని దొరకాలనే కోరుకున్నాడు. ముందు '4 శాతమే' అని చెప్పినప్పుడు అది నిజమే చెప్పాడు. కానీ అందరూ నమ్మి బేరాలు కుదుర్చుకున్నాక, మాట మీద నిలబడటం కంటే మాట తప్పడమే లాభంగా కనిపిస్తుంది. దీన్నే ఎకనామిస్టులు టైమ్ ఇన్‌కన్సిస్టెన్సీ అంటారు. నిన్న సరైన నిర్ణయం అనిపించింది ఇవాళ అనిపించదు, పరిస్థితి మారినందుకు కాదు, జనం నమ్మినందుకు. 1977లో ఫిన్ కిడ్లాండ్, ఎడ్వర్డ్ ప్రెస్కాట్ దీన్ని లెక్కలతో రాశారు. 2004లో నోబెల్ వచ్చింది.

మరి కథ అక్కడ ఆగుతుందా? ఆగదు. మేస్త్రీ ఒకసారి మోసపోతాడు, రెండోసారి కాదు. మరుసటి ఏడాది ఏం అడుగుతాడు? నిరుడు ధరలు 8 శాతం పెరిగాయి కాబట్టి 600 కాస్తా 648 కావాల్సింది. ఈ ఏడాది కూడా 8 పెరుగుతాయని అతని అంచనా. అంటే 700. కాంట్రాక్టర్ కూడా ధరలు పెరుగుతాయనే అనుకుంటున్నాడు కాబట్టి ఒప్పుకుంటాడు.

ఇప్పుడు గవర్నర్ ఇరుక్కుపోయాడు. ధరల్ని మళ్లీ 8 శాతం పెరగనిస్తే పదకొండో మనిషికి పనేమీ రాదు, ఎందుకంటే కూలి కూడా అంతే పెరిగింది. ధరలు మాత్రం పెరిగాయి. అలా కాదు, ఈసారి నిజంగానే 4 శాతం దగ్గర ఆపేస్తానంటే? అప్పుడు సరైన కూలి 674 దగ్గర ఉండాలి, బేరం 700కి కుదిరింది. కూలి ఖరీదైపోయింది, కాంట్రాక్టర్ మనుషుల్ని తగ్గిస్తాడు. ఒకసారి పోగొట్టుకున్న నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కట్టే రేటు ఇదే. అది కట్టేది కూడా పని పోయిన కూలీలే.

మనకు బాగా తెలిసిన ఇంకో ఉదాహరణ రుణమాఫీ. 'ఈ ఒక్కసారే' అని ఎవరు చెప్పినా, 2014లో లక్ష, 2018లో లక్ష, 2023లో 2 లక్షల హామీలు చూసిన రైతు ఏమనుకుంటాడు? మళ్లీ ఎలక్షన్ వస్తుంది కదా అనుకుంటాడు. మాఫీ తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. అప్పు ఇచ్చే రోజు చెప్పే మాట, ఎలక్షన్ రోజు చెప్పే మాట వేరువేరుగా ఉంటాయని జనానికి తెలిసిపోతే, మొదటి మాటకు విలువ ఉండదు. ఆర్బీఐ భయం కూడా ఇదే.

ఏలూరు బిడ్డ గవర్నర్‌గా ఉన్నప్పుడు..

ఈ భయం ఊహ కాదు, మన దేశంలో నడిచిన చరిత్రే. 2008 సెప్టెంబర్ నుంచి 2013 సెప్టెంబర్ వరకు ఆర్బీఐ గవర్నర్ దువ్వూరి సుబ్బారావు. ఏలూరులో పుట్టారు, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్, పార్వతీపురంలో సబ్ కలెక్టర్‌గా కెరీర్ మొదలుపెట్టారు. ఆయన టైంలో 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ మధ్య రెపో రేటు 13 సార్లు పెరిగింది. 4.75 నుంచి 8.50కి వెళ్లింది. అయినా ఆర్బీఐ సర్వేల్లో జనం చెప్పిన అంచనాలు రెండంకెల్లోనే ఉండిపోయాయి.

13 సార్లు పెంచినా ఎందుకు నమ్మలేదు? పప్పులు, కూరగాయలు, పాలు పెరగడం, ప్రభుత్వ ఖర్చు ఎక్కువగా ఉండటం, ఇవన్నీ కారణాలే. కానీ ఇంకోటి ఉంది. అప్పట్లో ఆర్బీఐకి చట్టంలో రాసిపెట్టిన నంబర్ లేదు. ఎంత దగ్గర ఆగుతారు, ఎంతవరకు పెంచుతారు అన్నది బయటివాళ్లకు తెలిసే దారి లేదు. పైగా ఢిల్లీ నుంచి ఒత్తిడి బహిరంగంగానే కనిపించేది. 2012 అక్టోబర్‌లో ఆర్బీఐ రెపో రేటు తగ్గించకపోయేసరికి, వృద్ధి కోసం ప్రభుత్వం ఒంటరిగా నడవాల్సి వస్తే నడుస్తుందని అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం మీడియా ముందే అన్నారు. అది టీవీలో చూసిన వ్యాపారి ఏమనుకోవాలి? ఈ గవర్నర్ ఎంతకాలం నిలబడగలడు అనే కదా.

తర్వాత ఉర్జిత్ పటేల్ కమిటీ 2014 జనవరిలో రిపోర్ట్ ఇచ్చింది. 2015 ఫిబ్రవరిలో ప్రభుత్వం, ఆర్బీఐ ఒప్పందం చేసుకున్నాయి. 2016లో చట్టం మారింది. ధరల పెరుగుదల 4 శాతం ఉండాలి, అటూ ఇటూ 2 శాతం సందు. రేటు నిర్ణయం గవర్నర్ ఒక్కరిది కాదు, ఆరుగురు సభ్యుల కమిటీది, అందులో ముగ్గురు బయటివాళ్లు. ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా 14 రోజుల తర్వాత బయటపెట్టాలి. టార్గెట్ పెట్టేది ప్రభుత్వం, దాన్ని అందుకునేది ఆర్బీఐ. వరుసగా మూడు త్రైమాసికాలు సగటు 6 దాటినా, 2 కంటే కిందికి పడినా ఫెయిల్ అయినట్టే. అప్పుడు కారణం ఏంటి, ఏం చేస్తాం, ఎన్నాళ్లలో దారికి తెస్తాం అని ప్రభుత్వానికి రిపోర్ట్ రాయాలి.

మేస్త్రీ భాషలో చెప్పాలంటే, మాట నోటితో కాకుండా స్టాంప్ పేపర్ మీద రాయించుకున్నట్టు.

2022: స్టాంప్ పేపర్ ఉన్నా తప్పింది

2022 జనవరి నుంచి సెప్టెంబర్ వరకు మూడు త్రైమాసికాల సగటు 6.3, 7.3, 7.0. మూడూ 6 దాటాయి. చట్టం ప్రకారం ఆర్బీఐ ఫెయిల్. నవంబర్ 3న కమిటీ ఇదే పని మీద ప్రత్యేకంగా కూర్చుంది, ప్రభుత్వానికి రిపోర్ట్ వెళ్లింది. ఆ రిపోర్ట్‌లో ఏముందో ప్రజలకు మాత్రం చెప్పలేదు. దాన్ని బయటపెట్టే అధికారం తనకు లేదన్నది అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ వాదన.

తప్పు మొత్తం యుద్ధం మీద వేయొచ్చా? పూర్తిగా కాదు. 2022 ఫిబ్రవరి 10న ఆర్బీఐ వేసిన అంచనా ఏంటంటే, 2022-23లో సగటు పెరుగుదల 4.5 శాతం. చివరికి వచ్చింది 6.7 దగ్గర. రెండు వారాల్లో యుద్ధం వస్తుందని ఎవరికీ తెలియదు, అది ఒప్పుకోవాలి. కానీ ఫిబ్రవరి కంటే ముందు నుంచే కమిటీలో ఒక స్వరం వేరేగా వినిపిస్తోంది. బయటి సభ్యుడు జయంత్ వర్మ, రేట్లు ఇంకా సులువుగా ఉంచుతామని చెప్పే వైఖరికి 2021 ఆగస్టు నుంచే వ్యతిరేకంగా ఓటేస్తూ వచ్చారు. ఆయన మాట మినిట్స్‌లో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. యుద్ధం మొదలయ్యాక కూడా ఏప్రిల్ మీటింగ్‌లో రెపో 4 శాతం దగ్గరే ఉంచారు. మే 4న ఉన్నట్టుండి ప్రకటన చేయాల్సి వచ్చిందంటే లేటయిందని వాళ్లకూ అర్థమైనట్టే.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానం ఇదిగో. రెపో పెంచింది పెట్రోల్ తగ్గించడానికి కాదు. పెట్రోల్ పెరిగింది కాబట్టి ఆటో చార్జీ, దాంతో కూరగాయలు, దాంతో కూలి, దాంతో ఇటుక, మళ్లీ కూలి.. ఈ గొలుసు తయారుకాకుండా ఆపడానికి. మొదటి దెబ్బను ఎవరూ ఆపలేరు. రెండో దెబ్బ మాత్రం జనం ఏమనుకుంటున్నారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

మదనపల్లె టమాటా పెట్టిన పరీక్ష

నమ్మకం మిగిలిందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? దీనికి మంచి పరీక్ష 2023 జులైలో వచ్చింది. టమాటా గుర్తుందిగా. మదనపల్లె మార్కెట్ రేట్లు రోజూ బ్రేకింగ్ న్యూస్. దేశంలో ధరల పెరుగుదల ఒక్కసారిగా 7.44 శాతానికి ఎగబాకింది, అంటే 2022 నాటి స్థాయికి. ఈసారి ఆర్బీఐ ఏం చేసింది? ఏమీ చేయలేదు. 6.50 దగ్గరే ఉంచింది.

రెండు ఏళ్లు, దాదాపు ఒకే నంబర్, కానీ రెండు వేర్వేరు నిర్ణయాలు. తేడా ఎక్కడంటే, ఆహారం, ఇంధనం తీసేసి మిగతా వాటి ధరలు చూడాలి. దీన్ని కోర్ ఇన్‌ఫ్లేషన్ అంటారు. బట్టలు, స్కూల్ ఫీజులు, హాస్పిటల్ బిల్లులు, కటింగ్ షాపు రేటు లాంటివి. 2022లో అది 6 చుట్టూ మొండిగా నిలబడింది, అంటే పెట్రోల్ దెబ్బ మిగతా వాటికి పాకింది. 2023లో టమాటా మండుతున్నా కోర్ 5 శాతం కిందికి జారుతూనే ఉంది. టమాటా పెరిగిందని ఎవరూ కటింగ్ రేటు పెంచలేదు. ఇది రెండు నెలల కథే అని వ్యాపారులు అనుకున్నారు. సెప్టెంబర్‌కి మొత్తం నంబర్ 5.02కి దిగొచ్చింది. కోర్ అయితే 2024 మధ్యకు 3 శాతం దగ్గరకు వచ్చేసింది.

స్టాంప్ పేపర్ ఒకసారి చిరిగినా నమ్మకం పూర్తిగా పోలేదని చెప్పడానికి నాకు కనిపించే గట్టి ఆధారం ఇదే. మరోవైపు, నూనె ధరలు వాటంతటవే చల్లబడ్డాయి కదా, క్రెడిట్ మొత్తం ఆర్బీఐకి ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలోనూ పస ఉంది.

నల్గొండకి ఈ లెక్క ఎంతవరకు వర్తిస్తుంది?

ఇక్కడ కొన్ని చిక్కులు ఉన్నాయి. టార్గెట్ దేశం మొత్తానికి ఒక్కటే. 2022 జూన్‌లో తెలంగాణ 10.05 దగ్గర ఉన్నా ఆర్బీఐ చూసేది 7.01నే. 2025 జూన్‌లో సీన్ పూర్తిగా రివర్స్. దేశంలో 2.10 ఉంటే తెలంగాణలో మైనస్ 0.93. అంటే మన దగ్గర ధరలు నిరుటి కంటే కొంచెం తగ్గాయి. అయినా రెపో రేటు అందరికీ ఒకటే.

ఇంకోటి, అప్పటి సిరీస్‌లో గ్రామాల బుట్టలో ఆహారం వాటా 54 శాతం దాటి ఉండేది, పట్టణాల్లో 36 శాతమే. కాబట్టి ఆర్బీఐ 'ఇది తాత్కాలికం, వదిలేద్దాం' అనుకునే టమాటా దెబ్బ, ఊళ్లో ఉన్నవాడికి సగం బడ్జెట్ మీద పడే దెబ్బ. జనం అంచనాల కోసం ఆర్బీఐ చేసే ప్రధాన సర్వే నగరాల్లో జరుగుతుంది. హైదరాబాద్ ఉంది, నల్గొండ లేదు, మహబూబ్‌నగర్ లేదు. ఆ సర్వేలో నగరాల కుటుంబాలు చెప్పే నంబర్ కూడా అసలు నంబర్ కంటే ఎక్కువే ఉంటుంది. 2022లో అసలుది 7 దగ్గర ఉంటే జనం చెప్పింది దాదాపు 9 నుంచి 10. అందుకే ఆ నంబర్ ఎంత అన్నదానికంటే, పైకి పోతుందా కిందికి వస్తుందా అన్నదే చూస్తారు.

రెపో రేటు మన దగ్గరికి వచ్చే దారి కూడా వేరు. 3 లక్షల లోపు పంట రుణం వడ్డీ 7 శాతం, టైంకి కడితే 4 శాతం, రెపో పెరిగినా అది మారదు. నూటికి రెండు రూపాయల లెక్కన ఊళ్లో అప్పిచ్చే షావుకారు ముంబై ప్రకటన చూసి వడ్డీ మార్చడు. అది ఎలాగూ ఏడాదికి 24 శాతం. రేటు పెంపు పాలమూరుకు చేరేది వేరే రూట్‌లో. హైదరాబాద్‌లో, పుణెలో హోమ్ లోన్ ఖరీదైతే ఫ్లాట్ల అమ్మకాలు నెమ్మదిస్తాయి, సైట్‌లో పని తగ్గుతుంది, మేస్త్రీకి ఫోన్లు తగ్గుతాయి. ధరల మీద యుద్ధంలో బ్రేక్ వేసేది ఆర్బీఐ అయినా, కుదుపు తగిలేది బండి చివర కూర్చున్నవాడికి.

మన మేస్త్రీ ఉదాహరణలో కూడా ఒక లోపం ఉంది. మరుసటి ఏడాది 700 అడుగుతాడు అన్నాం. నిజంగా అడగగలడా? ముందే అడ్వాన్స్ తీసుకుని బాకీ ఉన్న కూలీకి బేరమాడే బలం ఎక్కడిది? 650 అంటే 650కే పోతాడు. అప్పుడు ధరలు, కూలి ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగే గొలుసు మన దగ్గర పుస్తకంలో చెప్పినంత గట్టిగా ఉండదు. ఆర్బీఐకి అది మంచి వార్తే. కూలీకి మాత్రం ధరల పెరుగుదల నేరుగా కోతే, తర్వాత సర్దుబాటు కూడా రాదు. 4 శాతం మాట నిలబడటం వల్ల ఎక్కువ లాభం ఎవరికి అంటే, బేరం ఆడలేనివాళ్లకే.

తర్వాత ఏం జరిగిందంటే, 2025లో రెపో మళ్లీ తగ్గడం మొదలైంది. ఫిబ్రవరిలో 6.25, ఏప్రిల్‌లో 6, జూన్‌లో 5.50, డిసెంబర్‌లో 5.25. అక్టోబర్‌లో దేశంలో ధరల పెరుగుదల 0.25 శాతానికి పడిపోయింది. కింది గీత 2 శాతం అన్న సంగతి గుర్తుంచుకోండి, చట్టం పైగీతకీ కిందిగీతకీ తేడా చూడదు. ఈసారి కమిటీ మీటింగ్ రోజు టీవీలో రెపో నంబర్ మాత్రమే చూసి స్క్రోల్ చేసేయకండి. కింద ఇంకో రెండు నంబర్లు ఉంటాయి. వచ్చే ఏడాదికి వాళ్ల అంచనా ఎంత, కోర్ ఎంత. గతంలో 4.5 అని చెప్పి 6.7 చూపించిన చోట వెతకాల్సింది అక్కడే.